హీప్ సార్ట్: సగమే సర్దుకున్న అర్రేలో పెద్ద సంఖ్య పైకి ఎలా వస్తుంది

వెయ్యి సంఖ్యలిచ్చి చిన్నదాని నుంచి పెద్దదాకా వరస పెట్టమంటే ముందుగా తట్టే పద్ధతి ఒకటుంది. మొత్తం జాబితా చూసి అన్నిటికన్నా పెద్దది పట్టుకుని చివర పెడతాం. మిగిలిన 999లో మళ్లీ పెద్దది వెతికి దాని ముందు పెడతాం. ఇదే సెలెక్షన్ సార్ట్. మొదటిసారి 999 పోలికలు, రెండోసారి 998. అలా చివరిదాకా కూడితే 4,99,500 పోలికలవుతాయి.

ఇంత ఖర్చు ఎక్కడ పుడుతోందో చూడండి. మొదటి విడతలో 999 పోలికలు చేశాక మనకు చాలా సంగతులు తెలిసి ఉంటాయి. ఫలానా సంఖ్య ఫలానాదానికన్నా చిన్నదని పోల్చి మరీ తేల్చుకున్నాం. కానీ రెండో విడత మొదలుపెట్టగానే అదంతా మర్చిపోయి, ఏమీ తెలియనట్టు మొదటి నుంచి వెతుకుతాం. హీప్ సార్ట్ కూడా పెద్దది తీసి చివర పెట్టే పద్ధతే. తేడా అల్లా ఒక్కటే: పాత పోలికల ఫలితాన్ని పారేయకుండా అర్రేలోనే దాచుకుంటుంది.

ఎలా దాచుకుంటుందో అర్థం కావాలంటే కబడ్డీ నాకౌట్ టోర్నీని తలచుకుంటే చాలు. బలమైన జట్టే ప్రతిసారీ గెలుస్తుందనుకుందాం. కప్పు గెలిచిన జట్టు తేలాక, రెండో స్థానానికి తగిన జట్టేదో తెలుసుకోవడానికి మళ్లీ అన్ని జట్లనూ ఆడించక్కర్లేదు. విజేత చేతిలో నేరుగా ఓడినవాళ్లను చూస్తే సరిపోతుంది. ఇంకొకరి చేతిలో ఓడిన జట్టు ఎటూ రెండోది కాలేదు కదా. బైనరీ హీప్‌లో ఈ వెతుకులాట ఇంకా కుదించుకుపోతుంది. రెండో పెద్ద సంఖ్య ఉండగలిగే చోట్లు రెండే.

హీప్‌ను ఒక చెట్టులా ఊహించుకోవాలి: అన్నిటికీ పైన ఒక సంఖ్య, ప్రతి సంఖ్య కిందా మహా అయితే రెండు సంఖ్యలు, అవే దాని పిల్లలు. దీనికి ఉన్న నియమం చాలా చిన్నది. ప్రతి సంఖ్యా తన కింద ఉన్న ఇద్దరు పిల్లలకన్నా పెద్దదై ఉండాలి, లేదా సమానమై ఉండాలి. అంతే. ఎడమ పిల్ల పెద్దదా, కుడి పిల్ల పెద్దదా అన్నది హీప్‌కు పట్టదు. ఒక కొమ్మలోని సంఖ్యకూ పక్క కొమ్మలోని సంఖ్యకూ మధ్య ఏ వరసా ఉండనక్కర్లేదు. ఈ ఒక్క నియమం అన్నిచోట్లా నిలిస్తే, ఏ సంఖ్య నుంచి బయల్దేరి పైకి ఎక్కినా దారిలో విలువ తగ్గదు. ప్రతి దారీ చివరికి పై నోడ్‌కే చేరుతుంది కాబట్టి అక్కడున్నది అన్నిటికన్నా పెద్దది కాక తప్పదు. ఇలా పెద్దది పైనుండేదాన్ని మ్యాక్స్ హీప్ అంటారు. నియమాన్ని తిరగేస్తే చిన్నది పైకొస్తుంది, అది మిన్ హీప్.

చెట్టు అన్నాను గానీ మెమరీలో చెట్టు, కొమ్మలు, పాయింటర్లు ఏమీ ఉండవు. ఉన్నది మామూలు అర్రే. ఇండెక్స్ `i` దగ్గరున్న సంఖ్యకు పిల్లలు `2*i+1`, `2*i+2` దగ్గర ఉన్నట్టు లెక్క. పైకి వెళ్లాలంటే `(i-1)/2` చేసి భిన్నం వదిలేయాలి. సున్నాకు పిల్లలు 1, 2. ఒకటికి 3, 4. రెండుకు 5, 6. చెట్టు పై వరస నుంచి, ప్రతి వరసా ఎడమ నుంచి కుడికి ఖాళీల్లేకుండా నిండుతుంది కాబట్టి ఈ లెక్క ఎప్పుడూ తప్పదు. అదనపు మెమరీ అక్కర్లేకుండా ఇచ్చిన అర్రేలోనే పని ముగించగలగడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఎనిమిది సంఖ్యలు తీసుకుందాం.

```
ఇండెక్స్:  0   1   2   3   4   5   6   7
విలువ:    12  35   7  41  28  19  50  23
```

దీన్ని హీప్‌గా మార్చాలి. అందుకు కావలసిన పనిముట్టు ఒక్కటే, దాని పేరు సిఫ్ట్ డౌన్. తన చోటికి తగని చిన్న సంఖ్యను కిందికి దించడం దాని పని. ఇద్దరు పిల్లల్లో పెద్దదేదో చూస్తుంది. ఆ పిల్ల మన సంఖ్యకన్నా పెద్దదైతే రెండిటినీ తారుమారు చేసి, కొత్త చోటు నుంచి మళ్లీ అదే పని చేస్తుంది. పిల్లలు తనకన్నా పెద్దవి కాకపోయినా, అసలు పిల్లలే లేకపోయినా ఆగిపోతుంది. ఇద్దరిలో పెద్దపిల్లనే పైకి తేవాలన్నది ముఖ్యం. చిన్నదాన్ని తెస్తే అది తన తోబుట్టువుకు పైన కూర్చుంటుంది, తోబుట్టువేమో దానికన్నా పెద్దది. ఒక తప్పు దిద్దబోయి ఇంకో తప్పు చేసినట్టవుతుంది.

పని చివరి నుంచి మొదలుపెట్టాలి. 4, 5, 6, 7 ఇండెక్సులకు పిల్లల్లేరు, కాబట్టి వాటి దగ్గర చేయాల్సిందేమీ లేదు. పిల్లలున్న చివరి చోటు 3. అక్కడ 41 ఉంది, కింద 23 ఉంది, బాగానే ఉంది. తర్వాత 2వ చోట 7 ఉంది. పిల్లలు 19, 50. యాభై పైకొచ్చి ఏడు కిందికి దిగుతుంది. ఒకటో చోట 35, పిల్లలు 41, 28. నలభై ఒకటి పైకొస్తుంది. 35 మూడో చోటికి దిగి, తన కింద ఉన్నది 23 కాబట్టి అక్కడే ఆగుతుంది. చివరికి సున్నా దగ్గర 12. పిల్లలు ఇప్పుడు 41, 50. యాభై పైకెక్కుతుంది, 12 రెండో చోటికి దిగుతుంది. అక్కడ పిల్లలు 19, 7 కాబట్టి 19 కూడా దాన్ని దాటి పైకొస్తుంది, 12 ఐదో చోటికి చేరుతుంది.

```
50  41  19  35  28  12   7  23
```

నాలుగు తారుమార్లతో హీప్ తయారైంది. వరస మాత్రం రాలేదని గమనించండి. 19 తర్వాత 35 ఉంది, 7 తర్వాత 23 ఉంది. అయినా 50 పైన ఉంది, 41కి పైన ఉన్నది 50 ఒక్కటే. పూర్తిగా సర్దమని అడిగితే చాలా పని పడుతుంది. పెద్దది పైనుంటే చాలని అడిగాం కాబట్టే ఇంత చవకగా తేలిపోయింది.

వెనక నుంచే ఎందుకు రావాలి, సున్నా నుంచి ముందుకు వెళ్తే ఏమవుతుందని అడగొచ్చు. కోడ్ రాసేటప్పుడు చాలామంది తెలియకుండా చేసేది ఇదే, `for` లూప్ అలవాటుగా ముందుకే వెళ్తుంది కదా. అవే ఎనిమిది సంఖ్యల మీద చేసి చూద్దాం. సున్నా దగ్గరి 12 కిందికి దిగుతూ 35ను, 41ను, 23ను దాటి ఏడో చోటికి చేరుతుంది. పైన 35 మిగులుతుంది. ఒకటో చోట ఇప్పుడు 41 ఉంది, దాని పిల్లలు 23, 28, కదలదు. రెండో చోట 7 దిగి 50 పైకొస్తుంది. మూడో చోట 23, కింద 12, సరే. చివరికి మిగిలేది ఇది:

```
35  41  50  23  28  19   7  12
```

పైన 35, దాని కిందే 41, 50. సున్నా దగ్గర నిర్ణయం తీసుకున్నప్పుడు యాభై ఇంకా ఆరో చోట, చూపుకు అందనంత కింద ఉంది. తర్వాత అది రెండో చోటికి ఎక్కేసరికి సున్నా వంతు అయిపోయింది. సిఫ్ట్ డౌన్ సరిగ్గా పనిచేయాలంటే కింద ఉన్న రెండు కొమ్మలూ అప్పటికే హీపులై ఉండాలి. వెనక నుంచి వస్తే ఆ షరతు దానంతటదే తీరుతుంది. మీ కోడ్‌లో హీప్ నిజంగా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి జవాబు దాకా ఆగనక్కర్లేదు. 1 నుంచి చివరిదాకా ప్రతి `i`కి `a[(i-1)//2] >= a[i]` అవునో కాదో ఒక లూప్‌తో చూస్తే తప్పు ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది.

హీప్ కట్టడానికి ఎంత పని పడుతుందన్న దగ్గర చిన్న ఆశ్చర్యం ఉంది. వెయ్యి సంఖ్యల చెట్టులో పది వరసలుంటాయి, పై నుంచి కింది వరసకు తొమ్మిది మెట్లు. కాబట్టి ఒక్కో సంఖ్యకు తొమ్మిది మెట్ల చొప్పున తొమ్మిది వేల దాకా తారుమార్లు పడతాయేమో అనిపిస్తుంది. నిజానికి వెయ్యి కూడా పడవు. సగం సంఖ్యలకు అసలు పిల్లలే లేరు, అవి దిగేది సున్నా మెట్లు. పావు వంతు సంఖ్యలు మహా అయితే ఒక మెట్టు దిగగలవు. ఎనిమిదో వంతు రెండు మెట్లు. తొమ్మిది మెట్లూ దిగే అవకాశం ఒక్కదానికే, పైనున్నదానికే. చాలామందికి తక్కువ పని, కొద్దిమందికే ఎక్కువ పని. కూడి చూస్తే మొత్తం ఎప్పుడూ సంఖ్యల లెక్కను దాటదు.

ఈ కిటుకు మొదట్లో లేదు. హీప్ సార్ట్‌ను 1964లో జె.డబ్ల్యూ.జె. విలియమ్స్ ప్రచురించినప్పుడు హీప్‌ను ఒక్కో సంఖ్యా చేరుస్తూ కట్టాడు. కొత్త సంఖ్యను చివర పెట్టి, పేరెంట్‌తో పోలుస్తూ పైకి ఎక్కించడం ఆ పద్ధతి. అందులో లెక్క తలకిందులవుతుంది. కింది వరసలో ఉన్న సగం సంఖ్యలకు పైదాకా ఎక్కాల్సిన గతి పట్టొచ్చు. చిన్నదాని నుంచి పెద్దదాకా ముందే వరసలో ఉన్న జాబితా ఇస్తే ప్రతి సంఖ్యా నిజంగానే పైదాకా ఎక్కుతుంది. వెనక నుంచి దించుకుంటూ వచ్చే పద్ధతిని రాబర్ట్ ఫ్లాయిడ్ అదే ఏడాది చివర్లో ప్రచురించాడు. ఇప్పుడు అందరూ వాడేది అదే. అలాగని ఎక్కించే పద్ధతి పనికిరానిదేం కాదు. సంఖ్యలు ఒకేసారి చేతిలో లేకుండా ఒక్కోటీ వస్తుంటే, అంటే ప్రయారిటీ క్యూలో, కావలసింది అదే.

హీప్ చేతికొచ్చాక అసలు సార్టింగ్ తేలిక. పైనున్న 50ని చివరి చోటికి పంపి, చివర ఉన్న 23ని పైకి తెస్తాం. యాభై తన శాశ్వత చోటికి చేరిపోయింది. ఇక హీప్‌లో మిగిలింది ఏడు సంఖ్యలే.

```
23  41  19  35  28  12   7 | 50
```

పైకొచ్చిన 23కు ఆ చోటు తగదు, కానీ చెడిపోయింది ఆ ఒక్క చోటే. కింది కొమ్మలు రెండూ ఇంకా హీపులే. కాబట్టి 23 మీద సిఫ్ట్ డౌన్ నడిపితే చాలు. పిల్లలు 41, 19, కనుక 41 పైకి. తర్వాత పిల్లలు 35, 28, కనుక 35 పైకి. ఇరవై మూడు మూడో చోట ఆగుతుంది.

```
41  35  19  23  28  12   7 | 50
```

రెండో పెద్దది 41, పిలవకుండానే పైకొచ్చి కూర్చుంది. అది ఉండగలిగేది 1వ చోటో 2వ చోటో కాబట్టి ఒక్క పోలికతో దొరికింది. ఇక 41ని ఏడుతో తారుమారు చేసి మళ్లీ అదే పని. ఏడు కిందికి దిగుతూ 35, 28లను పైకి పంపుతుంది.

```
35  28  19  23   7  12 | 41  50
```

ఇలా గీత ఎడమకు జరుగుతూ పోతుంది. గీతకు కుడివైపు వరస పెరుగుతుంటుంది, ఎడమవైపు హీప్ తరుగుతుంటుంది. ఎడమన ఒక్క సంఖ్య మిగిలేసరికి అర్రే 7, 12, 19, 23, 28, 35, 41, 50గా మారిపోతుంది. చిన్నదాని నుంచి పెద్దదాకా వరస కావాలంటే మ్యాక్స్ హీప్ ఎందుకని మొదట తికమకపడేవాళ్లకు జవాబు కూడా ఈ గీతే. ఖాళీ అయ్యేది కుడి చివర, అక్కడ కావలసింది పెద్దది.

ఆ గీతను మర్చిపోతే ఏమవుతుందో 23 దిగిన చోటే కనిపిస్తుంది. అది మూడో చోట ఆగింది, ఎందుకంటే దాని పిల్ల ఉండాల్సిన 7వ చోటు ఇప్పుడు హీప్‌లోది కాదు. కోడ్ మాత్రం హీప్ సైజు తగ్గించకుండా ఎనిమిదనే అనుకుంటే, 7వ చోట 50 కనిపిస్తుంది. 23 కన్నా పెద్దది కదా అని దాన్ని మళ్లీ పైకి లాగుతుంది. చివరికి పంపేసిన సంఖ్య హీప్‌లోకి తిరిగొస్తుంది, జవాబు గందరగోళమవుతుంది. మొత్తం కోడ్ ఇంతే, అందులో జాగ్రత్తగా చూడాల్సింది `n`, `end`లనే:

```python
def sift_down(a, i, n):
    while True:
        c = 2*i + 1
        if c >= n:
            return
        if c + 1 < n and a[c+1] > a[c]:
            c += 1
        if a[i] >= a[c]:
            return
        a[i], a[c] = a[c], a[i]
        i = c

def heap_sort(a):
    n = len(a)
    for i in range(n//2 - 1, -1, -1):
        sift_down(a, i, n)
    for end in range(n-1, 0, -1):
        a[0], a[end] = a[end], a[0]
        sift_down(a, 0, end)
```

`c + 1 < n` అన్న షరతు కుడి పిల్ల లేని నోడ్ కోసం. మన మొదటి అర్రేలో 41కి ఉన్నది ఒక్క పిల్లే, 23. ఆ షరతు లేకపోతే పైథాన్ అక్కడే `IndexError` ఇస్తుంది. సార్టింగ్ దశలో అయితే ఎర్రర్ కూడా రాదు, గీత దాటి అవతలి సంఖ్యను చదివేసుకుంటుంది. అందుకే ఈ కోడ్‌ను పరీక్షించేటప్పుడు సరిసంఖ్యలో అంశాలున్న జాబితా తప్పకుండా ఇవ్వాలి. హీప్ కట్టేటప్పుడు ఒంటి పిల్ల ఉన్న నోడ్ వచ్చేది అప్పుడే. పైథాన్‌లో సొంతంగా రాయకుండా `heapq` వాడేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. దాని మామూలు ఫంక్షన్లు కట్టేది మిన్ హీప్, చిన్నది పైనుంటుంది. సి++లోని `priority_queue` పెద్దది పైన పెడుతుంది. జావా `PriorityQueue` మళ్లీ చిన్నదే.

వెయ్యి సంఖ్యలకు ఖర్చు చూస్తే, ఒక్కో మెట్టుకు రెండు పోలికలు, ఒక్కో దిగుడుకు మహా అయితే తొమ్మిది మెట్లు. అంటే ఒక్కో సంఖ్యకు 18 పోలికలు మించవు. హీప్ కట్టిన ఖర్చు కలిపినా మొత్తం 20,000 లోపే. సెలెక్షన్ సార్ట్‌కు దాదాపు అయిదు లక్షలు. జాబితా ఎంత వంకరగా ఉన్నా ఈ హద్దు మారదు.

ఇంత హామీ ఉన్నా రోజువారీ వాడకంలో క్విక్ సార్ట్ మామూలుగా దీన్ని దాటేస్తుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కో సంఖ్యను విడిగా తెచ్చుకోదు, పక్కపక్కనున్నవాటిని ఒక గుంపుగా క్యాష్‌లోకి లాక్కుంటుంది. క్విక్ సార్ట్ అర్రే మీద వరసగా నడుస్తుంది కాబట్టి తెచ్చిన గుంపంతా పనికొస్తుంది. హీప్‌లో 1,00,000వ చోటు నుంచి పిల్ల దగ్గరికి వెళ్లాలంటే 2,00,001కి దూకాలి, అక్కడి నుంచి నాలుగు లక్షల అవతలికి. ప్రతి దూకుడుకూ కొత్త గుంపు కావాలి. ఇంకో వృథా కూడా ఉంది. పైకి తెచ్చే సంఖ్య ఎప్పుడూ చెట్టు అడుగు నుంచి వచ్చినదే, కాబట్టి మామూలుగా చిన్నదే అయి ఉంటుంది. మళ్లీ దాదాపు అడుగుదాకా దిగేదాన్ని ప్రతి మెట్టు దగ్గరా ఆగుతావా అని అడగడం అనవసరం. దీనికీ ఫ్లాయిడ్ ఒక ఉపాయం చెప్పాడు. అడగకుండా పెద్దపిల్ల వెంట అడుగుదాకా దిగిపోయి, అవసరమైతే కొంచెం పైకి ఎక్కాలి. మెట్టుకు రెండు పోలికల బదులు ఒకటి సరిపోతుంది, ఎక్కాల్సింది సాధారణంగా ఒకటి రెండు మెట్లే.

క్విక్ సార్ట్‌కు ఉన్న భయం వేరు. జాబితాను రెండు ముక్కలు చేయడానికి అది ఎంచుకునే పివట్లు వరసగా తప్పుగా పడితే దాని ఖర్చు సెలెక్షన్ సార్ట్ స్థాయికి పెరిగిపోతుంది, అలాంటి జాబితాను కావాలని తయారుచేసి ఇవ్వనూ వచ్చు. అందుకే లైనక్స్ కెర్నల్ తన `lib/sort.c`లో హీప్ సార్ట్‌ను పెట్టుకుంది. కెర్నల్‌లో అదనపు మెమరీ అడగడం ఇబ్బంది, శత్రువు ఇచ్చిన జాబితాతో యంత్రం నిలిచిపోవడం ఇంకా పెద్ద ఇబ్బంది. రెండిటినీ కలిపి వాడొచ్చని డేవిడ్ ముస్సర్ 1997లో ఇంట్రోసార్ట్ పేరుతో చూపించాడు. క్విక్ సార్ట్‌తోనే మొదలుపెట్టి, విభజన లోతు ఒక హద్దు దాటితే ఆ ముక్కను హీప్ సార్ట్‌కు అప్పగించడం ఆ పద్ధతి. జీసీసీతో వచ్చే సి++ లైబ్రరీలోని `std::sort` ఇలాగే నడుస్తుంది. నా లెక్కలో హీప్ సార్ట్‌కు సరైన ఉద్యోగం ఇదే. రోజూ ముందు నడిచేది వేరొకటి, అది కూలబోతే పట్టుకునేది ఇది.

సమాన విలువలున్నచోట మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. మార్కుల జాబితా పేర్ల క్రమంలో ఉందనుకోండి, దాన్ని మార్కుల ప్రకారం సార్ట్ చేస్తే ఒకే మార్కులు వచ్చినవాళ్లు పేర్ల క్రమంలోనే ఉంటారని ఆశిస్తాం. హీప్ సార్ట్ ఆ క్రమాన్ని కాపాడదు. ఇద్దరు చాలు ఇది చూడటానికి. అనితకు 80, భార్గవ్‌కు 80. పేరెంట్‌తో సమానం కాబట్టి హీప్ కట్టేటప్పుడు ఎవరూ కదలరు, అనిత పైన ఉంటుంది. తర్వాతి అడుగులో పైనున్నవారిని చివరికి పంపాలి కదా, అనిత రెండో చోటికి పోతుంది, భార్గవ్ ముందుకొస్తాడు. పాత క్రమం తప్పనిసరైతే ప్రతి అంశం పక్కనా దాని మొదటి ఇండెక్స్ రాసుకుని, మార్కులు సమానమైనప్పుడు ఆ ఇండెక్స్‌ను పోల్చాలి. అప్పుడు అదనపు మెమరీ అక్కర్లేదన్న సౌకర్యం పోతుంది కాబట్టి, అంతకన్నా పాత క్రమాన్ని కాపాడే మెర్జ్ సార్ట్ వాడుకోవడమే నయం.